మూడు వేల పౌండ్లు చేపల బుట్ట అయిన కథ

చావుబతుకుల మధ్య ఉన్న తండ్రి కొడుకును పిలిపించి, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ కనిపెట్టుకుని ఉండమని మాట తీసుకుంటాడు. కొడుకు సరేనంటాడు. తండ్రి పోయాక, చెల్లెళ్లకు తలా వెయ్యి చొప్పున మూడు వేల పౌండ్లు ఇచ్చేద్దామని మనసులో గట్టిగానే అనుకుంటాడు. ఆ రోజంతా తన పెద్దమనసు తలుచుకుని తనే మురిసిపోతాడు. తర్వాత విషయం భార్య చెవిన పడుతుంది. ఒక్క అధ్యాయం పూర్తయ్యేలోపు ఆ మూడు వేలూ కరిగి కరిగి, 'కాలాన్ని బట్టి కాసిని చేపలో, వేటమాంసమో పంపిస్తే చాల్లే' అన్న దగ్గరికి వచ్చి ఆగుతాయి.

ఇది జేన్ ఆస్టెన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో రెండో అధ్యాయం. ఆమె నవలల్లో మొదట అచ్చయింది ఇదే, 1811లో. పుస్తకం మీద ఆమె పేరు లేదు. 'ఒక లేడీ రాసినది' అని మాత్రం వేశారు. మనలో చాలామందికి ఈ కథ ఇంకో దారిలో తెలుసు. రాజీవ్ మీనన్ 2000లో తమిళంలో తీసి, తెలుగులోకి 'ప్రియురాలు పిలిచింది' పేరుతో డబ్ అయిన సినిమాకు మూలం ఈ నవలే. టబు, ఐశ్వర్యారాయ్ వేసిన అక్కచెల్లెళ్లు ఇందులో ఎలినార్, మేరియన్.

కుటుంబ నవల అంటే ప్రేమలు, అలకలు, కన్నీళ్లు అని ఒక ముద్ర ఉంది. ఈ నవలను కన్నీళ్లు కాసేపు పక్కన పెట్టి చదివి చూడండి. కథలో పెద్ద మలుపులన్నీ రెండు కట్టుబాట్ల దగ్గరికే వెళ్లి తేలతాయి. ఆస్తి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లాలి అన్నది ఒకటి. ఎవరు ఎవరిని ఏ మాట అడగవచ్చు, ఏది అడగకూడదు అన్నది రెండోది. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోదాన్ని చాలామంది చదువరులు 'పాత్రల స్వభావం' అనుకుని దాటేస్తారు. నాకు మాత్రం అసలు కథను నడిపించేది ఆ రెండోదే అనిపిస్తుంది.

ఇల్లు చేయి జారిన తీరు

ముందు డబ్బు సంగతి. నార్లండ్ ఎస్టేట్ యజమాని పెళ్లి చేసుకోని ముసలాయన. ఆయన చెల్లెలు పోయాక, తోడుగా ఉంటారని అన్న కొడుకు హెన్రీ డాష్‌వుడ్‌ను కుటుంబంతో సహా తెచ్చి పెట్టుకున్నాడు. హెన్రీ రెండో భార్య, ముగ్గురు కూతుళ్లు ఆ ముసలాయన్ని ఏళ్ల తరబడి చూసుకున్నారు. ఆయన పోయాక వీలునామా తెరిస్తే, ఎస్టేట్ హెన్రీకే వచ్చింది గానీ బతికినంత కాలం అనుభవించడానికే. ఆ తర్వాత అది మొదటి భార్య కొడుకు జాన్‌కూ, జాన్ కొడుక్కీ చెందాలి. హెన్రీ ఆ భూమి మీద అప్పు తెచ్చి కూతుళ్లకు ఇవ్వడానికి లేదు, చెట్లు కొట్టి అమ్మి ఇవ్వడానికీ లేదు. ఆడపిల్లలు ముగ్గురికీ తలా వెయ్యి పౌండ్లు విడిగా రాశాడు ముసలాయన, పోనీలే అన్నట్టు.

ఇంతకీ ఆ చిన్నవాడు ఏం చేశాడని ఎస్టేట్ వాడి పేరు మీదికి వెళ్లింది? అప్పుడప్పుడూ అమ్మానాన్నలతో చుట్టపుచూపుగా వచ్చి, వచ్చీరాని మాటలు మాట్లాడి, మంకుపట్టు పట్టి, ఇల్లంతా గోల చేసి వెళ్లాడు. రెండు మూడేళ్ల పిల్లలందరూ చేసే పనే. ఆ ముద్దుమాటల ముందు ఆడవాళ్ల ఏళ్ల సేవ తేలిపోయింది అని ఆస్టెన్ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. ముసలాయన దుర్మార్గుడని కూడా అనదు. వంశం ఎస్టేట్ ఒక్క ముక్కగా మగపిల్లవాడి చేతిలో నిలవాలన్నది ఆ వర్గంలో అందరూ ఒప్పుకునే సంగతి. దానికోసం ఎవరూ కుట్ర చెయ్యక్కర్లేదు.

హెన్రీకి బతుకు ఉంటే పొదుపు చేసి కూతుళ్లకు ఏదో మిగిల్చేవాడే. ఏడాదికే పోయాడు. చివరికి తల్లీకూతుళ్లు నలుగురికీ కలిపి మిగిలింది పది వేల పౌండ్లు. దాని మీద ఏడాదికి అయిదు వందలు వస్తాయి. జాన్‌కు ఎస్టేట్ నుంచి కొత్తగా వచ్చేదే ఏడాదికి నాలుగు వేలు. సొంత తల్లి వైపు ఆస్తి, భార్య తెచ్చింది, అవన్నీ వేరే.

ఇప్పుడు ఆ సంభాషణ దగ్గరికి వద్దాం. జాన్ భార్య ఫానీ ఎక్కడా 'ఇవ్వొద్దు' అనదు. 'మన ఒక్కగానొక్క పిల్లాడి నోటి దగ్గరి కూడు అంత తీసేస్తారా' అంటుంది. సవతి చెల్లెళ్లంటే అసలు చుట్టరికమే కాదు అన్నది ఆమె లెక్క. 'మీ నాన్నగారికి ఆ సమయంలో స్పృహ సరిగ్గా లేదు, ఫలానా ఇంత అని ఆయన అనలేదుగా' అంటుంది. జాన్ తలా అయిదు వందలకు దిగుతాడు. అది కూడా ఎక్కువేనేమో అనిపించి, పిల్లలకు వద్దు, తల్లి బతికినంత కాలం ఏడాదికి ఒక వంద ఇస్తే సరిపోతుందేమో అంటాడు. ఫానీ ఒక్క క్షణం ఆగుతుంది. 'ఒకేసారి పదిహేను వందలు ఇచ్చి వదిలించుకోవడం కంటే అది నయమే, కానీ ఆవిడ పదిహేనేళ్లు బతికితే మనం మోసపోయినట్టే' అంటుంది. ఏడాదికింత అని కట్టే డబ్బు ఉంటే మనుషులు చచ్చిపోరని, తన తల్లి ముగ్గురు ముసలి నౌకర్లకు అలా కట్టలేక ఎంత విసిగిపోయిందో చెబుతుంది. అక్కడి నుంచి అప్పుడప్పుడూ ఒక యాభై ఇవ్వడం, అక్కడి నుంచి ఇల్లు మారేటప్పుడు సామాను సర్దడంలో సాయం, చివరికి చేపలు. ఆఖర్న ఇంకో మాట అంటుంది. నలుగురు ఆడవాళ్లు, బండి లేదు, గుర్రాల్లేవు, ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఉండరు, అయిదు వందలతో హాయిగా ఉంటారు, నిజానికి వాళ్లే మనకేదైనా ఇవ్వగలరు! ఇంకా ఊరుకోదు. అత్తగారు తీసుకెళ్లబోయే పింగాణీ సామాను ఈ ఇంట్లో ఉన్నదానికంటే రెండింతలు బావుందని గుర్తుచేసి బాధపడుతుంది.

ఈ అధ్యాయాన్ని చాలామంది ఫానీ పిసినారితనానికి వేసిన బొమ్మగా చదువుతారు. నేనూ మొదట అలాగే చదివాను. కానీ జాన్ ఒక్కొక్క మెట్టూ దిగుతున్నప్పుడు చూడండి, అతనికి ప్రతి మెట్టు మీదా న్యాయంగా ఉన్నాననే అనిపిస్తుంది. ఎందుకంటే ఫానీ వాదాలన్నిటికీ వెనక లోకం ఒప్పుకునే ఒక ధర్మం ఉంది. తండ్రిగా కొడుకు ఆస్తి కాపాడటం అతని బాధ్యత. చెల్లెళ్లకు పెట్టడం దయ. బాధ్యతకూ దయకూ పోటీ వస్తే ఏది గెలుస్తుందో మనకు తెలియనిది కాదు. మన దగ్గర ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఏమిస్తారు, ఎంత ఇస్తారు అన్నది అన్నదమ్ముల మంచితనం మీద, వదినల మాట మీద ఆధారపడిన రోజులు మరీ దూరంవి కావు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో చట్టమైంది 1986లో. అది 1985 సెప్టెంబర్ నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది.

ఆస్టెన్ తన కథే రాసుకుందని అనేవాళ్లున్నారు. ఆమె తండ్రి 1805లో పోయాక తల్లీ, ఇద్దరు అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములు పంపే డబ్బు మీద ఆధారపడి ఇళ్లు మారుతూ గడిపిన మాట నిజం. 1809లో ఒక అన్న చాటన్ అనే ఊళ్లో ఇల్లు ఇచ్చాకే నిలదొక్కుకున్నారు. కానీ ఈ నవల తొలి రూపం ఆమె 1790లలోనే రాసుకుంది, తండ్రి బతికుండగానే. తనకు జరిగాక రాసింది కాదు. జరగబోయేది ముందే తెలిసేంత మామూలు సంగతి అది.

ఇక ఆడబిడ్డలు సొంత ఇంట్లోనే చుట్టాలైపోతారు. అంత్యక్రియలు కాగానే ఫానీ చెప్పాపెట్టకుండా పిల్లాడితో, నౌకర్లతో వచ్చి దిగుతుంది. చట్టప్రకారం తప్పు లేదు, ఇల్లు ఆమె భర్తదే. ఆరు నెలలు అలా నెట్టుకొస్తారు. ఈలోపు ఫానీ తమ్ముడు ఎడ్వర్డ్ ఆ ఇంటికి వచ్చి ఎలినార్‌కు దగ్గరవుతాడు. ఫానీ కనిపెట్టి, తన తమ్ముళ్లిద్దరికీ గొప్ప సంబంధాలు చెయ్యాలని తల్లి పట్టుదలగా ఉందని అత్తగారి ముందు సూటిపోటి మాటలంటుంది. ఆ మాటకు మనసు విరిగి ఆవిడ దూరంగా డెవన్‌షైర్‌లో ఒక బంధువు ఇస్తానన్న చిన్న ఇంటికి కూతుళ్లను తీసుకుని వెళ్లిపోతుంది. ఆ ఊరికి వెళ్లకపోతే మేరియన్ మనసు పడే విలోబీ లేడు, మేరియన్‌ను ఇష్టపడే కర్నల్ బ్రాండన్ లేడు, ఎలినార్‌కు అడ్డొచ్చే లూసీ లేదు. డబ్బు చేసే పని ఇక్కడితో దాదాపు అయిపోయింది. మనుషుల్ని తెచ్చి ఒక చోట పడేసింది. ఇక్కడి నుంచి కథను తోసేది నోరు.

అడగకూడని ప్రశ్న

కొండ మీద నుంచి పరుగెత్తుతూ జారి పడి కాలు బెణికిన మేరియన్‌ను విలోబీ ఎత్తుకుని ఇంటికి తెస్తాడు. పదిహేడేళ్ల పిల్ల. ఇక వారాల తరబడి ఇద్దరూ ఒకరినొకరు వదలరు. ఆమె జుట్టు పాయ ఒకటి కత్తిరించి దాచుకుంటాడు. గుర్రాన్ని బహుమతి ఇస్తానంటాడు. తను వారసుడు కాబోయే ఇంటిని, ఆ ఇంటి ముసలావిడ మిసెస్ స్మిత్ లోపల ఉండగానే ఆవిడకు తెలియకుండా, మేరియన్‌కు తిప్పి చూపిస్తాడు. ఒకరోజు హఠాత్తుగా, మిసెస్ స్మిత్ పని మీద పంపుతోందని మాత్రం చెప్పి లండన్ వెళ్లిపోతాడు.

ఇద్దరికీ నిశ్చితార్థం అయిందా లేదా? ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలినార్ తల్లిని బతిమాలుతుంది, మేరియన్‌ను నేరుగా అడగమని. తల్లి ఒప్పుకోదు. కూతురు తనంతట చెప్పని మాటను తవ్వి తీయడం మర్యాద కాదంటుంది. చదివేవాళ్లకు ఇక్కడ ఒళ్లు మండుతుంది, ఒక్క ప్రశ్నతో తేలిపోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకని. అయితే ఆ ప్రశ్నకు ఉన్న బరువు చూడండి. నిశ్చితార్థం అయిందంటే సరే. కాలేదంటే, పెళ్లి మాట లేకుండా ఒక పరాయి మగవాడికి జుట్టు ఇచ్చిన, అతనితో ఒంటరిగా ఊరేగిన పిల్ల అవుతుంది. అడిగితే ఆ రెండో జవాబు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే తల్లి మర్యాద చాటున దాక్కుంటుంది.

అక్కచెల్లెళ్లిద్దరూ లండన్ వెళ్లాక మేరియన్ అతనికి ఉత్తరం రాయడం ఎలినార్ కళ్లారా చూస్తుంది. చూసి ఊపిరి పీల్చుకుంటుంది, అయితే నిశ్చితార్థం అయినట్టే అని. ఈ ముక్క ఇప్పటి పాఠకులు తరచూ జారవిడుస్తారు. పెళ్లికాని ఆడపిల్ల పరాయి మగవాడికి ఉత్తరాలు రాయడం అప్పటి మర్యాదలో నిశ్చితార్థం అయినవాళ్లకే చెల్లు. కాబట్టి ఆ కవరు మీద ఉన్న పేరే ఎలినార్‌కు రుజువు. ఆ రుజువు తప్పు. నిశ్చితార్థం ఎప్పుడూ జరగలేదు. అతని ప్రవర్తన ప్రతిరోజూ ఆ మాట సూచించింది, నోటితో మాత్రం ఎన్నడూ అనలేదు. మగవాడు ఎంత దూరమైనా రావచ్చు, ఆ ఒక్క మాట అననంత వరకు కట్టుబడినట్టు కాదు. ఆడపిల్ల ఒక్క ఉత్తరం రాస్తే చాలు, లోకం దృష్టిలో కట్టుబడిపోయినట్టే. ఈ తేడాలోనే మేరియన్ కథంతా ఉంది. విలోబీ కొంత వరకే మోసగాడు. మిగతా మోసం కట్టుబాటే అతని తరఫున చేసిపెట్టింది.

అతను ఎందుకు పారిపోయాడు అన్నది చాలా ఆలస్యంగా తెలుస్తుంది. బ్రాండన్ పెంచుతున్న ఎలిజా అనే అమ్మాయిని అంతకుముందే గర్భవతిని చేసి వదిలేశాడు. అది మిసెస్ స్మిత్ చెవిన పడింది. ఆ అమ్మాయిని పెళ్లి చేసుకుంటే క్షమిస్తానంది ఆవిడ. చేసుకోనన్నాడు. వారసత్వం పోయింది. అప్పులున్నాయి. యాభై వేల పౌండ్లున్న మిస్ గ్రేను చేసుకున్నాడు.

ఈ ఎలిజా తల్లి పేరూ ఎలిజాయే, ఆమె కథను బ్రాండన్ రెండు మూడు పేజీల్లో చెప్పి ముగిస్తాడు. నవలలో అన్నిటికంటే చీకటి భాగం అదే. ఆమె పేదపిల్ల కాదు, బోలెడు ఆస్తి ఉన్న అనాథ. బ్రాండన్ తండ్రి సంరక్షణలో పెరిగింది, బ్రాండన్‌ను ప్రేమించింది. అప్పుల్లో ఉన్న ఎస్టేట్‌ను గట్టెక్కించడానికి తండ్రి ఆమెను పదిహేడేళ్లకే పెద్దకొడుక్కి కట్టబెట్టాడు. పెళ్లయ్యాక భార్య ఆస్తి భర్తదైపోవడం అప్పటి ఇంగ్లండ్ చట్టం; అది 1870, 1882 చట్టాలతో గానీ మారలేదు. డబ్బు లేకపోవడమే ఆడవాళ్ల కష్టాలకు మూలం అనుకుంటూ వచ్చిన పాఠకుడికి ఇక్కడ ఆ లెక్క తప్పుతుంది. డబ్బున్న ఎలిజా అప్పులవాళ్లను బంధించే ఇంట్లో క్షయతో పోతుంది.

విప్పడం ఒకరికే చెల్లే ముడి

మేరియన్‌ది మాట అనకపోవడం వల్ల వచ్చిన కష్టం. ఎలినార్‌ది అందుకు తలకిందులు. ఎడ్వర్డ్ ఎప్పుడో మాట ఇచ్చేశాడు, వేరే అమ్మాయికి.

చదువుకునే రోజుల్లో తన మాస్టారి మేనకోడలు లూసీ స్టీల్‌తో ఎడ్వర్డ్‌కు రహస్యంగా నిశ్చితార్థం అయింది. అతనికి పంతొమ్మిదేళ్లు. చేతిలో పని లేదు. పెద్దకొడుకు కాబట్టి పని చెయ్యక్కర్లేదన్నది ఇంట్లోవాళ్ల మాట. అతనికేమో చర్చిలో ఫాదరీ అవ్వాలని ఉంది, అది వాళ్ల స్థాయికి చాలదు. ఆ మధ్యలో ఖాళీగా ఉండిపోయి, ఆ ఖాళీలో లూసీని ప్రేమించాననుకున్నాడు. నాలుగేళ్లు గడిచాయి, ప్రేమ పోయింది, మాట మిగిలింది. మగవాడు నిశ్చితార్థం తెంచుకుంటే పరువు పోతుంది. ఆ అమ్మాయి కావాలంటే కోర్టుకూ ఎక్కవచ్చు. ఆడపిల్ల మాత్రం నిన్ను వదిలేస్తున్నాను అని చెప్పి తెంచుకోవచ్చు. ఆడవాళ్లకు దాదాపు ఏ హక్కూ ఇవ్వని ఆ లోకంలో వాళ్ల చేతికి ఇచ్చిన ఒకే ఒక్క తాళంచెవి ఇది. కథలో అది లూసీ చేతిలో ఉంది.

లూసీ ఆ తాళంచెవిని ఎలా వాడుతుందో చూస్తే ముచ్చటేస్తుంది, నిజంగా. ఎడ్వర్డ్‌కు ఎలినార్ అంటే ఇష్టమని పసిగడుతుంది. గొడవ పడదు. ఎలినార్‌ను పక్కకు పిలిచి, అక్కా అన్నంత ఆప్యాయంగా, తన రహస్యం చెప్పి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుంటుంది. ఇక ఎలినార్ అన్ని వైపులా బందీ. ఎడ్వర్డ్‌ను నిలదీయలేదు, ఎందుకంటే తనతో అతను ప్రేమ అన్న మాటే అనలేదు. తల్లితో, చెల్లితో చెప్పుకోలేదు, ఎందుకంటే మాట ఇచ్చింది. నాలుగు నెలలు అలా మోస్తుంది. పక్కనే మేరియన్ పడక మీద పడి ఏడుస్తూ, నీకేం తెలుసు బాధంటే అని అక్కను దెప్పుతూ ఉంటుంది. ఎలినార్ 'నిగ్రహం' గురించి వ్యాసాలు చాలా వచ్చాయి. నిగ్రహమే, కాదనను. కానీ మర్యాదస్తురాలు మాట తప్పదు అన్న నమ్మకం మీద లూసీ వేసిన పందెం అది, గెలిచింది.

రహస్యం లూసీ అక్క నోరుజారడం వల్ల బయటపడుతుంది. ఎడ్వర్డ్ తల్లి మిసెస్ ఫెరార్స్ కొడుక్కి ముప్పై వేల పౌండ్ల మిస్ మోర్టన్‌ను చూసిపెట్టుకుంది. లూసీని వదలమంటుంది. వదలనంటాడు. ఏడాదికి వెయ్యి పౌండ్లొచ్చే ఎస్టేట్‌ను ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేని విధంగా చిన్నకొడుకు రాబర్ట్‌కు రాసేస్తుంది.

ఒక్కసారి ఆగి ఇంతవరకూ ఆస్తి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. విలోబీని వెళ్లగొట్టింది ఒక ముసలావిడ. ఎడ్వర్డ్‌ను వెళ్లగొట్టింది ఇంకో ముసలావిడ, విధవరాలు. కోడలిగా ఫానీ చేసిందీ చూశాం. మగవాళ్ల పెత్తనం గురించి చెప్పే నవలలో పెత్తనం చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది; ఆడదానికి ఆడదే శత్రువు అన్న అరిగిపోయిన మాట అక్కడే పైకి తీస్తారు. నాకు అలా కనిపించదు. మిసెస్ ఫెరార్స్ తన కోసం ఏమీ అడగదు. వంశం, పెద్దకొడుకు, కట్నం, హోదా: ఆమె వాడే ప్రతి కొలతా తన చుట్టూ ఉన్న లోకం ఇచ్చిందే. భర్త పోయి ఆస్తి చేతికి వచ్చింది కాబట్టి ఆమె ఆ కొలతలను అమలు చెయ్యగలుగుతోంది, అంతే. ఎడ్వర్డ్ విషయం ఇంకా తమాషా. కొడుకు సంపాదించుకునే పనిలో ఉండి ఉంటే తల్లి బెదిరింపుకు పళ్లుండేవి కావు. పెద్దకొడుకు పని చెయ్యకూడదన్న గొప్పే అతన్ని తల్లి చేతిలో పెట్టింది.

ఎడ్వర్డ్ చేతిలో ఏమీ లేకపోయినా లూసీ అతన్ని వదలదు. నీకిష్టమైతే నువ్వు స్వేచ్ఛ తీసుకోవచ్చని అతనే అడుగుతాడు, ఆమె ఒప్పుకోదు. ఆమె లెక్క సులభం: ఏ రోజుకైనా తల్లి కరగవచ్చు, ఈలోపు పోయేదేమీ లేదు. ఈ దశలో బ్రాండన్ జాలిపడి తన డెలఫర్డ్ ఎస్టేట్‌లోని చర్చి ఉద్యోగం ఎడ్వర్డ్‌కు ఇస్తాడు, ఏడాదికి రెండు వందలు వస్తుంది. ఆ కబురు ఎడ్వర్డ్‌కు చెప్పమని ఎవరికి అప్పగిస్తాడు? ఎలినార్‌కు. తను ప్రేమించినవాడికి, వేరే అమ్మాయితో కాపురం పెట్టుకునే దారి తన నోటితోనే చూపించాలి. చెబుతుంది కూడా, మర్యాదగా.

ముడి ఎలా విడిపోయిందంటే, రాబర్ట్ లూసీని ఒప్పించి అన్నయ్యను వదిలించడానికి వెళ్లాడు. మళ్లీ వెళ్లాడు. వెళ్తూనే ఉన్నాడు. ఎస్టేట్ ఇప్పుడు రాబర్ట్‌ది, వెనక్కి తీసుకోలేనిది. లూసీ తాళంచెవి తిప్పింది.

ఆ వార్త వచ్చే తీరులో కూడా కట్టుబాటు ఒక చేయి వేస్తుంది. ఇంటి నౌకరు థామస్ ఊళ్లోంచి వచ్చి, మిస్టర్ ఫెరార్స్‌కు పెళ్లయింది అంటాడు. ఇంటిపేరుకు ముందు ఉత్త 'మిస్టర్' పెట్టి పిలిచేది పెద్దకొడుకునే. చిన్నవాడైతే పేరు కలిపి మిస్టర్ రాబర్ట్ ఫెరార్స్ అనాలి. ఎలినార్ మొహం పాలిపోతుంది, మేరియన్ ఏడుపందుకుంటుంది. తర్వాత ఎడ్వర్డే ఇంటికి వస్తాడు. అందరూ వాతావరణం గురించి మాట్లాడతారు. ఎలినార్ ధైర్యం చేసి ఆయన భార్య ఎక్కడుందని అడుగుతుంది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడున్న కత్తెర తీసుకుని, దాని తొడుగును ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తూ, లూసీ పెళ్లి చేసుకున్నది తన తమ్ముణ్ణని చెబుతాడు. నాలుగు నెలలు చుక్క కన్నీరు కనబడనివ్వని ఎలినార్ గదిలోంచి దాదాపు పరుగెత్తి వెళ్లి తలుపు వేసుకుని ఏడుస్తుంది.

సినిమా ఇల్లు పోవడాన్ని ఉంచుకుంది, ఈ ముడిని వదిలేసింది. ఎడ్వర్డ్ బదులు దర్శకుడు కావాలనుకునే కుర్రాణ్ణి పెట్టింది. సరైన పనే చేసింది అనుకుంటాను. ప్రేమ లేని నిశ్చితార్థాన్ని కేవలం మాట కోసం మోసే హీరోను 2000లో ప్రేక్షకులు నమ్మరు. అక్కకు దురదృష్టజాతకురాలన్న ముద్ర వేసి ఆ ఖాళీ పూడ్చారు, అది మనకు చప్పున అర్థమవుతుంది.

పెళ్లి మాట రాగానే ఆస్టెన్ మళ్లీ లెక్కల పుస్తకం తెరుస్తుంది. ఎడ్వర్డ్‌కు సొంతంగా రెండు వేలు, ఎలినార్‌కు వెయ్యి. ఆ మూడు వేల మీద ఏడాదికి నూట యాభై, చర్చి నుంచి రెండు వందలు. మూడు వందల యాభైతో సుఖంగా బతకగలమనుకునేంత ప్రేమలో ఇద్దరూ లేరు అంటుంది ఆస్టెన్. అందుకే ఎడ్వర్డ్ వెళ్లి తల్లి కాళ్లావేళ్లా పడాల్సి వస్తుంది. ఆవిడ పది వేలు ఇస్తుంది, ఫానీ పెళ్లికి ఇచ్చినంతే. పెద్దకొడుకు ఆ రకంగా కూతురి వాటాకు దిగాడు.

మేరియన్ ఒకప్పుడు, డబ్బుతో సుఖానికి ఏం సంబంధం, బతకడానికి సరిపడా ఉంటే చాలు అంది. ఎంతుంటే సరిపడా అని ఎలినార్ అడిగితే, ఏడాదికి పద్దెనిమిది వందలో రెండు వేలో అంది. ఎలినార్ దృష్టిలో వెయ్యి ఉంటేనే సంపద. చివరికి మేరియన్ ముప్పై అయిదు దాటిన బ్రాండన్‌ను చేసుకుంటుంది. అతని రాబడి ఏడాదికి సరిగ్గా రెండు వేలు. ఇంట్లోవాళ్లందరూ ఏకమై ఆమెను అటు నడిపించారని ఆస్టెన్ దాచకుండా రాస్తుంది. ఈ పెళ్లి నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు, ఆస్టెన్‌కూ పూర్తిగా పడిందని అనుకోను.

విలోబీని మిసెస్ స్మిత్ తర్వాత క్షమించేసింది, మర్యాదస్తురాలిని పెళ్లి చేసుకున్నాడు కదా అని. అంటే మేరియన్‌ను చేసుకుని ఉన్నా ఆస్తి దక్కేదే. లూసీ అయితే అత్తగారిని పొగిడి, కాళ్లు పట్టుకుని, కొద్ది నెలల్లోనే ఆవిడకు అందరికంటే ఇష్టమైన కోడలు అయిపోయింది. ఎడ్వర్డ్ ఏ పెళ్లికి ఒప్పుకున్నందుకు ఆస్తి పోగొట్టుకున్నాడో, అదే అమ్మాయిని చేసుకున్న రాబర్ట్ దగ్గర ఆ ఎస్టేట్ అలాగే ఉండిపోయింది.